అత్తగారు కనిపించేది పదో ఇంట్లో

సంబంధం కుదిరేలా ఉందనగానే ముందు చేతులు మారేవి జాతకాలే. సిద్ధాంతిగారు పంచాంగం తిరగేసి, పిల్ల నక్షత్రం, పిల్లవాడి నక్షత్రం పక్కపక్కన పెట్టి, 36కి 26 కలిశాయనో, 18 కూడా రాలేదనో చెబుతారు. వర్ణానికి 1, వశ్యానికి 2, తారకు 3, యోనికి 4, గ్రహమైత్రికి 5, గణానికి 6, రాశికూటానికి 7, నాడికి 8. ఈ ఎనిమిదింటినీ ఇద్దరి చంద్రుడూ ఉన్న నక్షత్రం, రాశి చూసి లెక్కకడతారు. అవి చెప్పేదల్లా ఆ ఇద్దరి పొత్తు గురించే. అత్తగారు, మామగారు, ఆడపడుచు ఆ 36లో ఎక్కడా ఉండరు.

అయినా పిల్ల తల్లి లేవబోతూ అడిగే ఆఖరి ప్రశ్న ఒకటుంది. "సిద్ధాంతిగారూ, అత్తారింట్లో మా పిల్ల సుఖంగా ఉంటుందా అండీ?" పొంతన పట్టికలో దీనికి జవాబు దొరకదు. రాశిచక్రం ముందు పెట్టుకుని ఇళ్లు లెక్కపెట్టాలి. ఆ లెక్క ఎలా సాగుతుందో, ఎంతవరకు నమ్మాలో తెలిస్తే, ఎవరో ఒక్క మాట అనేసినంత మాత్రాన మంచి సంబంధం వదులుకోవాల్సిన పని ఉండదు.

లగ్నం నుంచి నాలుగో ఇల్లు సుఖస్థానం. తల్లి, సొంతిల్లు, ఇంట్లో మనసు కుదుటపడటం, ఇవన్నీ అక్కడే చూస్తారు. ఏడోది కళత్రస్థానం, అంటే భార్యకు భర్త, భర్తకు భార్య. మరి అత్తగారి ఇల్లు ఏది? ఆవిడ భర్తకు తల్లి. కాబట్టి భర్త ఇల్లయిన ఏడోదాన్నే లగ్నం అనుకుని, అక్కడి నుంచి తల్లి ఇల్లు, అంటే నాలుగోది లెక్కపెట్టాలి. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. అత్తగారిది పదో ఇల్లు. ఇలా ఒక భావం నుంచి మరో భావాన్ని లెక్కించడాన్ని భావాత్ భావం అంటారు. మామగారి దగ్గర మాత్రం సంప్రదాయాలు రెండుగా చీలతాయి. మన దక్షిణాదిన తండ్రిని తొమ్మిదో ఇంటితో చూస్తాం కాబట్టి, ఏడు నుంచి తొమ్మిదోది మూడో ఇల్లవుతుంది. తండ్రిని పదో ఇంటితో చూసేవారికి మామగారు నాలుగో ఇంట్లోకి వస్తారు. మరిదికి, చిన్న ఆడపడుచుకు తొమ్మిదో ఇల్లు, బావగారికి, పెద్ద ఆడపడుచుకు అయిదో ఇల్లు.

ఇందులో ఒక సంగతి మీద ఎక్కువ సేపు ఆగాలి. నాలుగో ఇల్లు, పదో ఇల్లు ఎదురెదురుగా ఉంటాయి. పుట్టింటి తల్లి ఒక పక్క, అత్తగారు సరిగ్గా దానికెదురు పక్క. ప్రతి గ్రహానికీ ఏడో దృష్టి పూర్తిగా ఉంటుంది కాబట్టి, ఒక ఇంట్లో ఏ గ్రహం కూర్చున్నా రెండో ఇంటిని చూడక తప్పదు. అత్తాకోడళ్ల మధ్య వచ్చే గొడవల్లో చాలావాటికి మూలం ఈ ఎదురుబొదురు తనంలోనే ఉందని నాకు అనిపిస్తుంది. చారులో ఇంగువ వేయాలా వద్దా అన్న మాట పొద్దున వస్తుంది. మధ్యాహ్నానికి ఆ సంగతి ఫోనులో పుట్టింటికి చేరుతుంది. "మనింట్లో అలా చేయం కదమ్మా" అని తల్లి అన్న మాట సాయంత్రానికి కోడలి ముఖంలో కనిపిస్తుంది. అత్తగారు అప్పుడు కోడలితో కాక, కనబడని వియ్యపురాలితో పోట్లాడుతున్నట్టే. నాలుగు, పది ఇళ్లను కలిపి చదవాలని పెద్దలు చెప్పింది ఇందుకే.

రెండు గ్రహాలు ఈ ఇళ్లను ఒక్కచోటి నుంచే గట్టిగా పట్టుకోగలవు. కుజుడికి ఏడుతో పాటు నాలుగు, ఎనిమిది దృష్టులున్నాయి. నాలుగో ఇంట్లో కుజుడు ఉంటే నాలుగో దృష్టి ఏడో ఇంటి మీద, ఏడో దృష్టి పదో ఇంటి మీద పడతాయి. ఇంటి సుఖం, భర్త, అత్తగారు, మూడూ ఒకేసారి తగులుతాయి. కుజదోషం చూసే ఇళ్లలో నాలుగోది ఎందుకు చేరిందో దీన్నిబట్టి అర్థమవుతుంది. శనికి ఏడుతో పాటు మూడు, పది దృష్టులు. అతను పదో ఇంట్లో ఉంటే ఏడో దృష్టి నాలుగో ఇంటి మీద, పదో దృష్టి ఏడో ఇంటి మీద ఉంటుంది. కుజుడిది అప్పటికప్పుడు రేగే గొడవ, గట్టిగా అరిచి చల్లారిపోయేది. శనిది మాట్లాడని గొడవ. ముఖం ముడుచుకోవడం, లెక్కలు అడగడం, నెలల తరబడి సాగదీయడం.

ఇక చంద్రుడు. తల్లికీ మనసుకూ అతనే కారకుడు. నాలుగు, పది ఇళ్లు ఇంట్లో ఏం జరుగుతుందో చెబితే, జరిగినదాన్ని ఆ అమ్మాయి మనసు ఎలా తీసుకుంటుందో చంద్రుడు చెబుతాడు. వృషభంలో ఉచ్చ, కర్కాటకంలో స్వక్షేత్రం, వృశ్చికంలో నీచ. అమావాస్యకు దగ్గరగా ఉంటే పక్షబలం తక్కువ, పౌర్ణమి చుట్టుపక్కల ఎక్కువ. ఇద్దరు తోడికోడళ్లకు అత్తగారు ఒక్కరే, ఆవిడ మాట కూడా ఒక్కటే. అదే మాటకు ఒక కోడలు నవ్వి ఊరుకుంటుంది, ఇంకొక కోడలు రాత్రంతా నిద్రపోదు. జాతకం చెప్పేది అత్తగారి స్వభావాన్ని కాదు, ఆ కోడలికి ఆవిడ ఎలా అనుభవంలోకి వస్తుందో. ఈ తేడా పట్టించుకోకుండా "మీ అత్తగారు రాక్షసి" అని తేల్చేసేవారు, చూడని మనిషి మీద తీర్పు చెబుతున్నారన్నమాట.

ఇప్పుడు ఒక జాతకాన్ని దగ్గరగా చూద్దాం. ఇది ఉదాహరణ కోసం తీసుకున్నదే గానీ, గ్రహాలు అప్పటి ఆకాశంలో ఉన్నవే. 1996 మే మొదటి వారం, పౌర్ణమి వెళ్లి నాలుగు రోజులు. ఉదయం పూట మిథున లగ్నం, ధనుస్సులో చంద్రుడు, మూలా నక్షత్రం నాలుగో పాదం. గురుడు ధనుస్సులోనే ఉన్నాడు. మీనంలో శని, కేతువు. కన్యలో రాహువు. మేషంలో రవి, కుజుడు. వృషభంలో బుధుడు. మిథునంలో శుక్రుడు.

మిథున లగ్నానికి ఏడో ఇల్లు ధనుస్సు, పదో ఇల్లు మీనం. రెండింటికీ అధిపతి గురుడే. అంటే భర్త ఇంటి తాళం, అత్తగారి ఇంటి తాళం ఒకరి చేతిలోనే ఉన్నాయి. మిథున లగ్నంలో పుట్టిన ప్రతి అమ్మాయికీ ఇదే లెక్క కాబట్టి, ఒక్క దీన్ని పట్టుకుని భయపడనక్కర్లేదు. ఆ గురుడు ఎలా ఉన్నాడన్నదే ప్రశ్న. ఇక్కడ ఏడో ఇంట్లో, స్వక్షేత్రంలో, చంద్రుడితో కలిసి బలంగా ఉన్నాడు. భర్త మర్యాదస్తుడు, తల్లి మాట జవదాటనివాడు అని చదువుతాను.

పదో ఇంట్లో శని, కేతువు ఉన్నారు. అత్తగారు క్రమశిక్షణ ఉన్న మనిషి, మాట పొదుపు, పని విషయంలో పట్టింపు ఎక్కువ. శని ఏడో దృష్టి నాలుగో ఇల్లయిన కన్య మీద ఉంది. అక్కడ రాహువు ఉన్నాడు. నాలుగో అధిపతి బుధుడు పన్నెండో ఇల్లయిన వృషభంలో ఉన్నాడు. శని మూడో దృష్టి అతని మీదా పడుతుంది. పదో దృష్టి ధనుస్సు మీద, అంటే ఏడో ఇంటి మీదా, చంద్రుడి మీదా ఉంది. ఇంటి సుఖం, దాని అధిపతి, భర్త, మనసు అన్నీ ఒక్క శని చూపు కింద ఉన్నాయి. ఇంతవరకే చదివితే ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. చాలామంది ఇక్కడే చదవడం ఆపేస్తారు.

ఆగకూడదు. చంద్రుడికి పక్షబలం ఉంది, పక్కనే గురుడున్నాడు. శని చూపు బరువు తెస్తుంది గానీ, ఆ బరువుకు మనసు విరిగిపోనివ్వకుండా గురుడు కాస్తాడు. శని కూర్చున్నది కూడా గురుడి ఇంట్లోనే. నాలుగో అధిపతి పన్నెండులో ఉండటాన్ని "సుఖం లేదు" అని చదవడం తేలిక. పన్నెండో ఇల్లు దూరదేశానిది కూడా. పుట్టిన ఊరికి దూరంగా, అద్దె ఇంట్లోనో పరదేశంలోనో కాపురం అని చదివితే ఈ జాతకానికి అది ఎక్కువ పొసుగుతుంది. అత్తగారితో ఒకే వంటింట్లో ఏళ్ల తరబడి ఉండే స్థితి ఈ అమ్మాయికి తక్కువ. ఉన్నన్నాళ్లు మాత్రం చేసిన పనికి మెచ్చుకోలు రాదు, చేయని పని గుర్తుండిపోతుంది. దీనికి నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. పెళ్లికి ముందే, కాపురం ఎక్కడ, ఎవరితో, ఉద్యోగం సంగతేమిటి అన్నవి రెండు వైపుల పెద్దలూ కూర్చుని విడమరిచి మాట్లాడుకోవాలి. శనికి స్పష్టత నచ్చుతుంది.

ఈ అమ్మాయికి సంబంధాలు వెనక్కి వెళ్లే ప్రమాదం ఇంకొకటి ఉంది, అది మూలా నక్షత్రం. మూల మామగారికి, ఆశ్లేష అత్తగారికి, జ్యేష్ఠ బావగారికి, విశాఖ మరిదికి కీడు అన్న మాట మన ఇళ్లలో తరాలుగా ఉంది. ముహూర్త చింతామణి ఈ మాటతో పాటు మినహాయింపులు కూడా చెప్పింది. మూల చివరి పాదానికి, ఆశ్లేష మొదటి పాదానికి దోషం లేదు. విశాఖ మొదటి మూడు పాదాలకు లేదు, నాలుగో పాదానికే ఉంది. ఆ నాలుగో పాదంలోనే, వృశ్చికం మూడో డిగ్రీ దగ్గర, చంద్రుడికి పరమనీచ వస్తుంది. పాదాల తేడా ఎందుకు పెట్టారో దీన్నిబట్టి కొంత ఊహించుకోవచ్చు. కానీ సంబంధాల మార్కెట్‌లో పాదం మాట ఎవరూ అడగరు, నక్షత్రం పేరు వినగానే ఫొటో తిరిగి వచ్చేస్తుంది.

మన ఉదాహరణలో అమ్మాయిది మూల నాలుగో పాదం. అది చాలదనుకునేవారు మామగారి ఇల్లయిన మూడో భావాన్ని చూడాలి. అది సింహం. దాని అధిపతి రవి మేషంలో ఉచ్చలో ఉన్నాడు. గురుడి తొమ్మిదో దృష్టి సింహం మీద, అయిదో దృష్టి మేషంలోని రవి మీద ఉన్నాయి. జాతకం మొత్తంలో ఇంత రక్షణ ఉన్న భావం మరొకటి లేదు. నక్షత్రం పేరు విని "మామగారికి గండం" అన్నవారు, ఆ మామగారి ఇంటినే చూడకుండా మాట్లాడారన్నమాట. నక్షత్రం ఒక్కదాన్నే పట్టుకుని పిల్లను కాదనడం శాస్త్రం కాదు, అన్యాయం. అదీ ఆ పిల్లకు, ఆ ఇంటికి కూడా.

అసలు ఈ ప్రశ్నకు తేటగా జవాబు దొరికేది పిల్లవాడి జాతకంలో. అతనికి నాలుగో ఇల్లు తల్లి, ఏడో ఇల్లు భార్య. ఈ రెండు ఇళ్ల అధిపతులూ మిత్రులా శత్రువులా, ఒకరికొకరు ఆరు ఎనిమిది స్థానాల్లో పడ్డారా, ఇద్దరి మధ్యా లగ్నాధిపతి ఎలా నిలబడ్డాడు అని చూస్తే, తల్లికీ భార్యకూ మధ్య అతను ఎలా నలుగుతాడో, లేక ఎలా సర్దుతాడో తెలుస్తుంది. సింహ లగ్నం పిల్లవాడిని తీసుకోండి. నాలుగుకు అధిపతి కుజుడు, ఏడుకు శని. ఇద్దరికీ పొసగదు. కానీ లగ్నాధిపతి రవి బలంగా ఉంటే ఇద్దరికీ చెప్పాల్సింది ఇద్దరికీ చెప్పగలడు. బలహీనంగా ఉంటే అమ్మ దగ్గర అమ్మ మాట, భార్య దగ్గర భార్య మాట. మన ఇళ్లలో మాత్రం పిల్ల జాతకాన్ని పది చోట్ల చూపించి, పిల్లవాడి జాతకాన్ని నక్షత్రం కోసం మాత్రమే తెరుస్తారు. అత్తాకోడళ్ల శాంతి బరువంతా కోడలి జాతకం మీదే పెట్టడం తప్పు. పొంతన చూపించేటప్పుడు పిల్లవాడి నాలుగు, ఏడు ఇళ్లు చూడమని పిల్ల తరఫువాళ్లు నోరు తెరిచి అడగాలి.

కాలం సంగతి కూడా చూడాలి. జాతకంలో ఉన్నది అన్నివేళలా ఒకే తీరున పనిచేయదు, దశ, గోచారం తోడైనప్పుడే బయటపడుతుంది. మూల నాలుగో పాదంలో పుట్టిన మన అమ్మాయికి కేతు దశ కొద్దిగానే మిగులుతుంది. తర్వాత శుక్రుడివి 20 ఏళ్లు, రవివి 6. 2023 ప్రాంతంలో చంద్ర మహాదశ మొదలవుతుంది. మిథున లగ్నానికి చంద్రుడు కుటుంబస్థానమైన రెండో ఇంటికి అధిపతి, కూర్చున్నది ఏడో ఇంట్లో. కాబట్టి పెళ్లికి అనువైన దశ. అయితే 2025 మార్చి 29న శని మీనంలోకి వచ్చాడు. ధనూరాశికి అది చంద్రుడి నుంచి నాలుగో ఇల్లు, అంటే అర్ధాష్టమ శని. ఈ అమ్మాయికి మీనం అత్తగారి ఇల్లు కూడా, పైగా పుట్టినప్పుడు శని ఉన్న చోటే. కొత్త కాపురం, చంద్ర దశ, అర్ధాష్టమ శని మూడూ ఒక్కసారి వచ్చాయి. ఈ రెండేళ్లలో చిన్న మాట కూడా పెద్దదిగా తగులుతుంది. 2027 జూన్‌లో శని మేషంలోకి మారి, వక్రించి కొన్ని నెలలు మళ్లీ మీనంలో ఉండి, 2028 మొదట్లో పూర్తిగా వదులుతాడు. కొత్తగా పెళ్లయిన ధనూరాశి అమ్మాయి "ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు" అంటే, జాతకం తెలిసిన పెద్దవాళ్లు వెంటనే విడాకుల మాట ఎత్తకుండా ఈ గడువు ఒకటుందని చెప్పగలగాలి. గడువు ఉందని తెలిస్తే ఓర్చుకోవడం వేరు, తెలియక నలిగిపోవడం వేరు. అయితే ఓర్చుకోవాల్సింది చికాకును మాత్రమే. దేన్ని ఓర్చుకోకూడదో చివర్లో చెబుతాను.

లెక్క ఎక్కడ తప్పుతుందో కూడా తెలియాలి. లగ్నం సుమారు రెండు గంటలకొకసారి మారుతుంది. పుట్టిన సమయం "పొద్దున్నే, పాలవాడు వచ్చిన వేళ" అని చెప్పినప్పుడు లగ్నం ఒక రాశి అటో ఇటో జరగొచ్చు. అప్పుడు అత్తగారి ఇల్లూ, మామగారి ఇల్లూ అన్నీ జరుగుతాయి. మన ఉదాహరణలోనే అమ్మాయి రెండు గంటలు ముందు పుట్టి ఉంటే వృషభ లగ్నమయ్యేది, మీనం పదకొండో ఇల్లయ్యేది, పైన చదివిందంతా చెల్లేది కాదు. చంద్రుడు ఒక రాశిలో రెండుంపావు రోజులు ఉంటాడు కాబట్టి, చంద్రుడి నుంచి చూసేవి మాత్రం ఇంత తొందరగా చెడవు. సమయం గట్టిగా తెలియని జాతకంలో లగ్నం నుంచి చెప్పిన మాటకు తక్కువ విలువ, చంద్రుడి నుంచి చెప్పిన మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలి. ఆసుపత్రి కాగితంలో ఉన్న సమయం తీసుకెళ్లడం అన్నిటికన్నా మేలు.

చెప్పేవారు శ్రద్ధగా చూశారో లేదో తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. "అత్తగారిని ఏ ఇంటి నుంచి చూశారండీ?" అని అడగండి. ఇల్లు చెప్పి, దాని అధిపతి చెప్పి, ఎవరి చూపు ఉందో చెబితే సరే. ఆ మాట దాటవేసి వెంటనే ఫలానా శాంతి, ఇంత ఖర్చు అంటే లేచి రండి.

ఇంకొక మాట దాచకుండా చెప్పాలి. గ్రహాల స్థితికీ ఇంట్లో మనుషుల పొత్తుకూ సంబంధం ఉందని విజ్ఞానశాస్త్రం ఒప్పుకోలేదు. జయంత్ నార్లీకర్ తదితరులు పుణెలో చేసిన పరీక్ష వివరాలు 2009లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చాయి. 27 మంది జ్యోతిష్కులకు తలా 40 జాతకాలిచ్చి, అవి చదువులో చురుకైన పిల్లలవో, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవో చెప్పమన్నారు. సరైనవి 46 శాతం. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది. అది అత్తాకోడళ్ల మీద చేసిన పరీక్ష కాదు, అయినా జాతకం చెప్పిందని ఒక మనిషి మీద ఖాయంగా తీర్పు ఇవ్వకూడదనడానికి అది చాలు. నా మటుకు నాకు, ఈ శాస్త్రం పెళ్లికి ముందు అడగాల్సిన ప్రశ్నలు గుర్తు చేసినంతవరకు మంచిదే. ఎవరినైనా దోషిగా నిలబెట్టిన క్షణం నుంచి కాదు.

అలాగే, ఏ గ్రహం పేరు చెప్పీ ఓర్చుకోకూడనివి ఉన్నాయి. కొట్టడం, తిండి పెట్టకపోవడం, పుట్టింటి నుంచి డబ్బు తెమ్మని వేధించడం, ఫోను లాక్కుని గదిలో పెట్టడం అర్ధాష్టమ శని కాదు, నేరం. 2005లో వచ్చిన గృహహింస నిరోధక చట్టం, భర్త నుంచే కాక అత్తింటివారి నుంచి కూడా రక్షణ ఇస్తుంది. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా, కోడలికి అక్కడ ఉండే హక్కు ఇస్తుంది. మీ ఇంట్లోనో, మీకు తెలిసిన ఇంట్లోనో అలాంటిది జరుగుతుంటే శని మారేదాకా ఆగకండి. మహిళల సహాయానికి 181, పోలీసులకు 112 నంబర్లకు ఇప్పుడే ఫోన్ చేయండి.